సైకిల్ దిగి పరుగెత్తడం: బ్రిక్ సెషన్ల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రయాథ్లాన్‌కు కొత్తగా తయారవుతున్నవాళ్ళ నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే సందేహాలు ఇవి. లెక్కలన్నీ ఒలింపిక్ దూరానికి, అంటే 1.5 కి.మీ. ఈత, 40 కి.మీ. సైకిల్, 10 కి.మీ. పరుగుకు వేసినవి. స్ప్రింట్ చేసేవాళ్ళు వాటిని సగానికి సగం చేసుకుంటే దాదాపుగా సరిపోతుంది. ఏ ప్రశ్న కావాలంటే అక్కడి నుంచే చదవొచ్చు.

## మొదలుపెట్టే ముందు

బ్రిక్ అంటే ఏంటి? ఇటుకకీ దీనికీ సంబంధం ఉందా?

సైకిల్ తొక్కి, దిగీదిగగానే పరుగెత్తే సెషన్‌ను బ్రిక్ అంటారు. ఈత అయిన వెంటనే సైకిల్ ఎక్కే సాధనకీ కొందరు ఇదే మాట వాడతారు కానీ, మామూలుగా బ్రిక్ అంటే సైకిల్, ఆ తర్వాత పరుగు. పేరు ఎలా వచ్చిందన్నదానికి రెండు మూడు కథలున్నాయి, ఏదీ తేలలేదు. మొదటిసారి చేసి చూస్తే మాత్రం కాళ్ళకు ఇటుకలు కట్టినట్టే ఉంటుంది కాబట్టి, ఆ కథనే అందరూ నమ్ముతారు.

పది కిలోమీటర్లు హాయిగా పరుగెత్తగలను. సైకిల్ దిగగానే కాళ్ళు నావి కానట్టు ఎందుకుంటాయి?

అలసట ఒక్కటే కారణమైతే ఆ ఇబ్బంది పోనుపోనూ పెరగాలి. కానీ చాలామందికి పది నిమిషాల తర్వాత తగ్గిపోతుంది. కాబట్టి కండరాలు ఖాళీ అయిపోలేదు, ఒక పని నుంచి ఇంకో పనికి ఇంకా మారలేదన్నమాట.

సైకిల్ మీద శరీరం బరువును సీటు మోస్తుంది. తొడలు పెడల్‌ను నొక్కుతాయి, అంతే. నేల తగిలే దెబ్బ ఉండదు. పరుగులో అడుగు పడిన ప్రతిసారీ తొడ, పిక్క కండరాలు సాగుతూనే బరువును ఆపాలి, మరుక్షణం స్ప్రింగులా తిరిగి తోయాలి. గంటన్నర సేపు ఒకే రకంగా నొక్కడానికి అలవాటుపడిన కండరాలకు మెదడు ఇప్పుడు వేరే వరసలో ఆదేశాలు పంపాలి. ఆ వరస కుదిరేదాకా అడుగు తడబడుతుంది.

దీనికి కూర్చున్న భంగిమ కూడా తోడవుతుంది. సైకిల్ మీద నడుము వంగి ఉంటుంది, తుంటి ముందుభాగం కండరాలు ముడుచుకునే ఉంటాయి. దిగాక అవి వెంటనే సాగవు. అందుకే మొదటి కిలోమీటరులో చాలామంది కూర్చున్నట్టుగా, నడుము వెనక్కి పెట్టి, పొట్టి అడుగులతో పరుగెత్తుతారు. పక్కనుంచి ఫోన్‌లో వీడియో తీయించుకుంటే ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

రెండూ విడివిడిగా బాగా సాధన చేస్తే సరిపోదా?

సత్తువకైతే సరిపోతుంది. కానీ ఇక్కడ కావలసింది సత్తువతోపాటు నేర్పు కూడా. వరసగా నాలుగైదు బ్రిక్‌లు చేశాక చాలామందికి ఆ తడబాటు పది నిమిషాల నుంచి మూడు నాలుగు నిమిషాలకు దిగుతుంది. ఇంత తక్కువ సమయంలో గుండె, ఊపిరితిత్తులు పెద్దగా మారవు. మారేది కండరాలు పనిచేసే వరస, దానిమీద మీ అంచనా.

అయితే బ్రిక్ అన్నిటికీ మందు కాదు. మీ సమస్య ఏదో తేల్చుకోవడానికి తేలికైన గుర్తు ఒకటుంది. మొదటి రెండు కిలోమీటర్లు కష్టంగా ఉండి తర్వాత తేలికైతే అది మార్పిడి సమస్య, బ్రిక్‌తో తగ్గుతుంది. మొదట్లో బాగానే ఉండి ఐదో కిలోమీటరు దాటాక కూలబడుతుంటే సైకిల్ మీద శక్తి ఎక్కువ పెట్టేస్తున్నారు, లేదా 40 కి.మీ. తొక్కే బలం ఇంకా రాలేదు. అప్పుడు ఎన్ని బ్రిక్‌లు చేసినా లాభం లేదు. సైకిల్ మీద కూర్చునే గంటలు పెంచాలి.

ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి?

రేసుకు ఎనిమిది వారాల ముందు చాలు. అప్పటికి ఆగకుండా గంట సైకిల్ తొక్కగలగాలి, విడిగా 5 కి.మీ. పరుగెత్తగలగాలి. ఈ రెండూ రాకముందే బ్రిక్‌లు పెట్టుకుంటే అలసిన కాళ్ళతో తప్పుడు పరుగు అలవాటవుతుంది.

## సెషన్ ఎలా వేసుకోవాలి

వారానికి ఎన్ని చేయాలి?

ఒకటి. రేసుకు మూడు నాలుగు వారాల ముందు రెండు చేయొచ్చు, అందులో ఒకటి చాలా చిన్నదై ఉండాలి. ప్రతి సైకిల్ రైడ్ తర్వాతా పరుగెత్తాలన్న పట్టుదల కొందరికి ఉంటుంది. దానివల్ల మడమ వెనక స్నాయువు, పిక్క పాడవడమే ఎక్కువ. మిగతా పరుగులు తాజా కాళ్ళతో చేస్తేనే వేగం పెరుగుతుంది.

సైకిల్ ఎంతసేపు, పరుగు ఎంతసేపు ఉండాలి?

పరుగు 10 నుంచి 20 నిమిషాలుంటే చాలు. నేర్చుకోవలసినదంతా ఆ మొదటి పది నిమిషాల్లోనే ఉంది. మూడు గంటల సైకిల్ తర్వాత గంటన్నర పరుగు పెట్టుకుని గొప్పగా చెప్పుకునేవాళ్ళున్నారు కానీ, ఆ గంటన్నరలో నేర్చుకున్నది మొదటి పావుగంటలోనే అయిపోయింది. మిగతాదంతా అలసట. దాన్నుంచి కోలుకోవడానికి మూడు రోజులు పడితే ఆ వారంలో మిగిలిన సాధన పోయినట్టే.

సైకిల్ భాగం 45 నుంచి 75 నిమిషాలు ఉండొచ్చు. మొత్తం ఎంతసేపు తొక్కారన్నదానికన్నా చివరి 15 నిమిషాలు ఎలా తొక్కారన్నది ముఖ్యం. ఆ చివరి భాగం రేసు వేగంతో ఉంటేనే కాళ్ళు రేసులో ఉండే స్థితికి వస్తాయి. తీరిగ్గా తొక్కి దిగితే పరుగు తేలిగ్గానే ఉంటుంది, దాన్నిబట్టి మీకు తెలిసేదేమీ ఉండదు.

ఎనిమిది వారాల ప్లాన్ ఒకటి అంకెలతో చెప్పగలరా?

విడిగా 10 కి.మీ. 55 నిమిషాల్లో, అంటే కిలోమీటరుకు 5:30తో పరుగెత్తే మనిషిని తీసుకుందాం. 40 కి.మీ. సైకిల్ గంటా 25 నిమిషాల్లో తొక్కగలడు. ఇలాంటివాళ్ళకు సైకిల్ తర్వాత 10 కి.మీ.కు 58 నిమిషాలు, అంటే కిలోమీటరుకు 5:48 అందదగ్గ లక్ష్యం.

మొదటి రెండు వారాలు వారానికి ఒకసారి 45 నిమిషాలు మాట్లాడగలిగే వేగంతో తొక్కి, 10 నిమిషాలు గడియారం చూడకుండా పరుగెత్తాలి. ఇక్కడ ఆ వింత అనుభూతికి అలవాటుపడితే చాలు, పేస్ సంగతి వదిలేయండి.

మూడు, నాలుగు వారాల్లో గంట తొక్కాలి, అందులో చివరి 15 నిమిషాలు రేసు వేగం. దిగాక మొదటి కిలోమీటరు 6:05తో, ఆ తర్వాత పది నిమిషాలు 5:48తో పరుగు.

ఐదు, ఆరు వారాల్లో ముక్కల బ్రిక్: 8 కి.మీ. సైకిల్ రేసు వేగంతో, వెంటనే 1.5 కి.మీ. పరుగు. దీన్ని మూడుసార్లు చేయాలి, మధ్యలో విశ్రాంతి లేదు, మళ్ళీ హెల్మెట్ పెట్టుకునే సమయం తప్ప. ఒకే రోజు మూడుసార్లు దిగడం, మూడుసార్లు షూ మార్చడం అవుతుంది. మొత్తం ప్లాన్‌లో ఒక్క సెషన్‌నే ఉంచుకోమంటే ఉంచుకోవలసింది ఇదే. మూడో ముక్కలో 1.5 కి.మీ. సమయం మొదటి ముక్క కన్నా 15 సెకన్లకు మించి పెరిగితే సైకిల్ వేగం మీకు ఎక్కువైనట్టు.

ఏడో వారంలో పెద్దది: 35 కి.మీ. సైకిల్, 5 కి.మీ. పరుగు, రేసు రోజు వేసుకునే బట్టలు, తినే పదార్థాలతోనే. ఎనిమిదో వారంలో 20 నిమిషాలు తొక్కి 5 నిమిషాలు పరుగెత్తి ఆపేయాలి.

అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. సైకిల్ ఎక్కడ వదిలి పరుగెత్తాలి?

చాలామంది బ్రిక్‌లు చెడిపోయేది ఇక్కడే. సైకిల్‌ను ఐదో అంతస్తుకు తీసుకెళ్ళి, లిఫ్ట్ కోసం ఎదురుచూసి, నీళ్ళు తాగి, ఫోన్ చూసి కిందికి వచ్చేసరికి పదిహేను నిమిషాలవుతుంది. అప్పటికి కాళ్ళు చాలావరకు మామూలు స్థితికి వచ్చేస్తాయి. దిగడానికీ పరుగుకీ మధ్య మూడు నాలుగు నిమిషాలకు మించకుండా చూసుకోండి.

పరుగు షూ, టోపీ, నీళ్ళ సీసా ముందే సెల్లార్‌లో వాచ్‌మన్ గది దగ్గర ఒక సంచిలో పెట్టి వెళ్ళండి. సైకిల్‌ను అక్కడే స్తంభానికి తాళం వేసి అటునుంచి అటే పరుగెత్తండి. కారులో బయటికి వెళ్ళేవాళ్ళు దాన్నే ట్రాన్సిషన్ ఏరియా చేసుకోవచ్చు. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్ పక్కన 2023లో తెరిచిన 23 కి.మీ. సోలార్ రూఫ్ సైకిల్ ట్రాక్ దీనికి బాగా పనికొస్తుంది. సిగ్నళ్ళు లేవు కాబట్టి చివరి 15 నిమిషాల రేసు వేగం ఎక్కడా తెగదు. సైకిల్‌ను కారులో పెట్టి తాళం వేసి పరుగు మొదలుపెట్టవచ్చు. అయితే పరుగు సైకిళ్ళ ట్రాక్ మీద కాదు, బయట చూసుకోవాలి.

ఇంట్లో ట్రైనర్ మీద, అంటే సైకిల్‌ను కదలకుండా నిలిపే స్టాండు మీద తొక్కితే లెక్కలోకి వస్తుందా?

వస్తుంది. ముక్కల బ్రిక్‌కు రోడ్డు కన్నా ట్రైనరే మేలు. రోడ్డు మీద పల్లం వస్తే కాళ్ళు ఆగుతాయి, ట్రైనర్ మీద ఆ సుఖం లేదు. అందుకే 50 నిమిషాల ట్రైనర్ గంట రోడ్డుతో సమానమని లెక్కేసుకోవచ్చు. ఫ్యాన్ మాత్రం ఎదురుగా, దగ్గరగా ఉండాలి. గాలి లేకపోతే వేడికి గుండె వేగం పెరిగిపోతుంది, ఆ తర్వాతి పరుగులో కనిపించే కష్టం వేడి వల్లో కాళ్ళ వల్లో తేల్చుకోలేరు.

## సైకిల్ చివరి నిమిషాలు, దిగే చోటు

చివరి రెండు కిలోమీటర్లలో ఏం చేయాలి?

గేర్ ఒకటి రెండు తేలిక చేసి పెడల్ వేగాన్ని నిమిషానికి 90 తిప్పుల దగ్గర ఉంచండి. 90 తిప్పులంటే రెండు కాళ్ళకూ కలిపి 180 నొక్కులు. పరుగులో చక్కగా పడే అడుగుల సంఖ్య కూడా నిమిషానికి 170, 180 మధ్యే ఉంటుంది. సైకిల్ మీద చివర్లో ఉన్న లయే పరుగు మొదట్లోకి వస్తుంది, కాబట్టి బరువు గేర్‌లో 65 తిప్పులతో ఈడ్చుకొచ్చి దిగితే అడుగులూ అలాగే ఈడుస్తాయి.

తర్వాత రెండు మూడుసార్లు సీటు మీద నుంచి లేచి, పెడళ్ళు సమంగా పెట్టి, తుంటిని హ్యాండిల్ వైపు తోయండి. తుంటి ముందుభాగం సాగుతుంది. మడమను కిందికి వంచితే పిక్క సాగుతుంది. షూ పట్టీ ఒక గీత వదులు చేయండి, వేళ్ళకు రక్తం ఆడుతుంది.

టీ2లో, అంటే సైకిల్ నుంచి పరుగుకు మారేటప్పుడు, ఏది ముందు, ఏది తర్వాత?

రేసులో దిగే గీత ఒకటి గీసి ఉంటుంది. దానికి ముందే దిగాలి. సీటు మీద చెయ్యి వేసి సైకిల్‌ను తోసుకుంటూ పరుగెత్తి మీ ర్యాక్ దగ్గరికి రావాలి. సైకిల్‌ను ర్యాక్‌కు తగిలించేదాకా హెల్మెట్ పట్టీ ముట్టుకోకూడదు, తీస్తే పెనాల్టీ పడుతుంది. ఇంట్లో బ్రిక్ చేసేటప్పుడు కూడా ఈ వరస తప్పకండి. అలసిపోయి ఉన్నప్పుడు చెయ్యి దానంతట అదే గడ్డం కిందికి పోతుంది, అలవాటు ఒక్కటే దాన్ని ఆపుతుంది.

తర్వాత సైక్లింగ్ షూ విప్పి, పరుగు షూ వేసుకుని, నంబరు బెల్టూ టోపీ చేత్తో పట్టుకుని కదలండి. బెల్టు కట్టుకోవడం, టోపీ పెట్టుకోవడం పరుగెత్తుతూ చేయొచ్చు. షూకు మామూలు తాళ్ళ బదులు సాగే తాళ్ళు వేస్తే ముడి వేసే పని తప్పుతుంది. అలసిన వేళ్ళతో ముడి వేయడం ఎంత కష్టమో మొదటి ముక్కల బ్రిక్‌లోనే తెలుస్తుంది.

క్లిప్ షూ లేవు, మామూలు పెడళ్ళే. నాకు నష్టమా?

మొదటి రేసుకు కాదు. పరుగు షూతోనే తొక్కి అలాగే పరుగెత్తవచ్చు, మార్చుకునే సమయం మిగులుతుంది. షూ అడుగు మరీ మెత్తగా ఉంటే మాత్రం పాదం మధ్యలో నొప్పి పుడుతుంది, అది గంట బ్రిక్‌లో బయటపడుతుంది.

## పరుగు మొదలయ్యాక

మొదటి కిలోమీటరు చాలా తేలిగ్గా పోయింది, మూడో కిలోమీటరుకు చచ్చిపోయాను. ఏం జరిగింది?

కంటి అంచనా మోసం చేసింది. గంటకు 28 కి.మీ. వేగంతో వెళ్ళి దిగినవాడికి గంటకు 10 కి.మీ. నిలబడ్డట్టే ఉంటుంది. పైగా సైకిల్ లయ వల్ల అడుగులు వేగంగా పడుతుంటాయి, దారి పక్కన జనం చప్పట్లు కొడుతుంటారు. 5:48 లక్ష్యమున్న మనిషి తెలియకుండానే 5:15కు వెళ్తాడు. అక్కడ మిగిలిన అర నిమిషం తర్వాత రెండు నిమిషాలు తీసుకుపోతుంది.

లక్ష్యం కన్నా ఐదు శాతం నెమ్మదిగా మొదలుపెట్టండి. 5:48కి అది 6:05 అవుతుంది. పోయిన 17 సెకన్లు మిగతా తొమ్మిది కిలోమీటర్లు 5:46తో వెళ్తే తిరిగి వచ్చేస్తాయి. మొదటి రెండు మూడు వందల మీటర్లలో జీపీఎస్ గడియారం చూపే పేస్‌ను నమ్మకండి, అది ఇంకా కుదురుకోదు. ఊపిరిని నమ్మండి: ఒక చిన్న వాక్యం తెగకుండా చెప్పగలగాలి.

పరుగు మొదలెట్టగానే పిక్కలు పట్టేస్తున్నాయి. ఉప్పు తక్కువైందా?

ముందు ఉప్పును అనుమానించడం అందరికీ అలవాటు. కానీ పరుగు మొదట్లోనే పట్టేస్తే ఎక్కువసార్లు కారణం సైకిల్ మీదే ఉంటుంది. సీటు ఎత్తు ఎక్కువైతే పెడల్ కింది చివరన కాలివేళ్ళు చాచాలి, గంటసేపు పిక్క బిగిసే ఉంటుంది. వెనక నుంచి వీడియో తీయించండి. పెడల్ కిందికి వెళ్ళినప్పుడల్లా నడుము అటూ ఇటూ ఊగుతుంటే సీటు 5 మిల్లీమీటర్లు దించి, మరో బ్రిక్ చేసి చూడండి.

సీటు సరిగ్గానే ఉంటే దిగాక ముని వేళ్ళ మీద గెంతుతూ మొదలుపెడుతున్నారేమో గమనించండి. మొదటి ఐదు నిమిషాలు అడుగు పొట్టిగా, పాదం మొత్తం నేలకు ఆనేలా వేస్తే పిక్క మీద భారం తగ్గుతుంది.

కడుపు తిప్పుతోంది, పక్కటెముకల కింద పొడుస్తోంది. ఏం తినాలి?

సైకిల్ మీద వంగి ఉన్నప్పుడు ఇబ్బంది పెట్టని తిండే పరుగులో కుదుపులకు ఎదురుతిరుగుతుంది. తినడమంతా సైకిల్ మొదటి గంటలోనే ముగించండి: 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, అంటే దాదాపు రెండు జెల్‌లు, లేదా రెండు మామూలు అరటిపళ్ళు. చివరి పదిహేను నిమిషాలు గట్టి పదార్థం వద్దు, నీళ్ళు కూడా గుక్కలు గుక్కలుగానే. దాహమేసిందని దిగేముందు అర లీటరు ఒక్కసారిగా తాగితే ఆ నీళ్ళు కడుపులో కదలడం మీకే వినిపిస్తుంది.

ఏప్రిల్, మే ఎండల్లో బ్రిక్ చేయొచ్చా?

తెల్లవారుజామున ఐదింటికి సైకిల్ ఎక్కితే ఆరుంబావుకు పరుగు అయిపోతుంది, అంతవరకు పర్వాలేదు. సైకిల్ మీద గాలికి చెమట ఆరిపోతూ ఉంటుంది కాబట్టి ఎంత పోయిందో తెలియదు, దిగగానే ఒక్కసారిగా ముఖం మీద కారుతుంది. బ్రిక్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే తాగినదానికన్నా లీటరు చెమట ఎక్కువ పోయిందని అర్థం. ఎండలో వణుకు, తల తిరగడం, తికమక కనిపిస్తే పరుగు అక్కడితో ఆపి, నీడకు చేరి, ఒళ్ళు తడిపి, సాయం పిలవాలి.

## రేసు దగ్గరపడ్డాక

గోవాలో హాఫ్ దూరం వేస్తున్నాను. ఈ లెక్కలు మారతాయా?

2019 నుంచి గోవాలో జరుగుతున్న 70.3 రేసులో 1.9 కి.మీ. ఈత, 90 కి.మీ. సైకిల్, 21.1 కి.మీ. పరుగు ఉంటాయి. సైకిల్ భాగం రెండున్నర, మూడు గంటలకు పెరుగుతుంది. పరుగు మాత్రం 30 నుంచి 40 నిమిషాలు దాటనక్కర్లేదు. మారేది బ్రిక్‌లో మీరు పరీక్షించే విషయం. ఒలింపిక్ దూరంలో అది కాళ్ళ లయ, ఇక్కడ కడుపు. మూడు గంటలపాటు గంటకు 60 గ్రాముల లెక్కన తిని, ఆ తర్వాత అరగంట పరుగెత్తగలరా అన్నది చూడాలి. పరుగు ఎక్కేసరికి సముద్రతీరంలో ఎండ, ఉక్కపోత ఉంటాయి కాబట్టి ఒకటి రెండు పొడవైన బ్రిక్‌లు కాస్త ఆలస్యంగా మొదలుపెట్టి, పరుగు ఎనిమిది, తొమ్మిది గంటలకు పడేలా చూసుకోండి.

ఆఖరి బ్రిక్ ఎప్పుడు చేయాలి? ముందురోజు ఏమైనా చేయాలా?

కష్టమైన ఆఖరి బ్రిక్ రేసుకు తొమ్మిది, పది రోజుల ముందు. మూడు రోజుల ముందు చిన్నది, 20 నిమిషాల సైకిల్, 5 నిమిషాల పరుగు. ముందురోజు సైకిల్‌ను ర్యాక్‌లో పెట్టాక దిగే గీత నుంచి మీ ర్యాక్ వరకు, అక్కడి నుంచి పరుగు బయటికి వెళ్ళే దారి వరకు ఒకసారి నడవండి. మీది ఎన్నో వరసో లెక్కపెట్టుకోండి, కదలని గుర్తు ఒకటి చూసుకోండి: చెట్టు, దీపస్తంభం, టాయిలెట్. పక్కవాడి నీలం రంగు సైకిల్‌ను గుర్తు పెట్టుకోకండి, మీరు వచ్చేసరికి అది అక్కడ ఉంటుందో లేదో తెలియదు.